తక్కువ బరువు కాన్పులు, సవరించిన ఆడ్స్ నిష్పత్తి: ఒక ఫలితాల పట్టికను చదవడం, రాయడం

వరంగల్ నగరంలోని కాశిబుగ్గ వంటి బస్తీలో గర్భిణుల వివరాలు నమోదు చేసే ఏఎన్ఎం రిజిస్టరులో తల్లి వయసు, బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, అంతకుముందు కాన్పుల వివరాలు వరుసగా ఉంటాయి. కాన్పు జరిగాక ఆ వరుస చివర బిడ్డ బరువు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు శిశువుగా లెక్కిస్తారు. కాబట్టి ఆ చివరి గడిని గ్రాముల్లో కాక 'తక్కువ బరువు', 'తక్కువ బరువు కాదు' అనే రెండే విలువలతో కూడా రాయవచ్చు. ఇలా రెండే విలువలుండే ఫలితాన్ని ద్విస్థితి ఫలితం అంటారు. నర్సింగ్ పరిశోధనల్లో ఇటువంటి ఫలితాలే ఎక్కువగా కనిపిస్తాయి: మంచాన పడిన రోగికి ఒత్తిడి పుండు పడిందా లేదా, శస్త్రచికిత్స గాయం చీము పట్టిందా లేదా, తల్లి మొదటి గంటలో పాలిచ్చిందా లేదా.

అటువంటి ఫలితానికి, రిజిస్టరులోని అనేక వివరాలకు మధ్య ఉన్న సంబంధాన్ని ఒకేసారి లెక్కించే గణాంక పద్ధతి లాజిస్టిక్ రిగ్రెషన్. కంప్యూటరులో ఆ లెక్క క్షణంలో పూర్తవుతుంది కాని, వచ్చిన పట్టికను సిద్ధాంత గ్రంథంలోని ఫలితాల అధ్యాయంలో ఎలా వర్ణించాలన్న దగ్గరే పొరపాట్లు మొదలవుతాయి. ఆ పట్టిక రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తుంది. ఒక కారకానికి ఫలితంతో ఎంత గట్టి సంబంధం ఉందన్నది మొదటిది. దీనికి జవాబు సవరించిన ఆడ్స్ నిష్పత్తి. మొత్తం మోడల్ దత్తాంశానికి ఎంతవరకు సరిపోయిందన్నది రెండవది. దీనికి జవాబు మోడల్ సరిపోలిక కొలతలు. మొదటి జవాబు బాగుంటే రెండవదీ బాగున్నట్టేనని అనుకోవడానికి వీల్లేదు.

ఎవరైనా మళ్లీ లెక్కించగల దత్తాంశం

ఈ సంగతిని వివరించడానికి గణాంక శాస్త్ర బోధనలో దశాబ్దాలుగా వాడుతున్న ఒక నిజమైన దత్తాంశం అనుకూలంగా ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలోని బేస్టేట్ వైద్య కేంద్రంలో 1986లో సేకరించిన 189 కాన్పుల వివరాలు అందులో ఉన్నాయి. వాటిలో 59 మంది తల్లులకు తక్కువ బరువు శిశువులు పుట్టారు, 130 మందికి పుట్టలేదు. డేవిడ్ హాస్మర్, స్టాన్లీ లెమెషో 1989లో వెలువరించిన లాజిస్టిక్ రిగ్రెషన్ పాఠ్యగ్రంథం ద్వారా ఇది ప్రసిద్ధమైంది. ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేరులోనూ ఈ దత్తాంశం ఉన్నందువల్ల, వరంగల్‌లోని నర్సింగ్ విద్యార్థి కూడా కింది రెండు ఆజ్ఞలతో ఈ వ్యాసంలోని ప్రధాన ఆడ్స్ నిష్పత్తులను స్వయంగా పొందవచ్చు.

```
m <- glm(low ~ age + lwt + factor(race) + smoke + ptl + ht + ui,
         family = binomial, data = MASS::birthwt)
exp(cbind(OR = coef(m), confint.default(m)))
```

ఇందులో `low` అన్నది తక్కువ బరువు కాన్పు. మిగిలినవి వరుసగా తల్లి వయసు, చివరి నెలసరి నాటికి ఆమె బరువు, జాతి, గర్భధారణ కాలంలో పొగతాగడం, అంతకుముందు నెలలు నిండకుండా వచ్చిన నొప్పులు ఎన్నిసార్లు, అధిక రక్తపోటు చరిత్ర, గర్భాశయం తరచు బిగుసుకుపోయే లక్షణం.

సవరించక ముందు నిష్పత్తి

మోడల్‌లోకి వెళ్లకముందు ఒక్క పొగతాగడాన్నే తీసుకొని, నాలుగు గడుల పట్టికతో మొదలుపెట్టడం మంచి పద్ధతి. పొగతాగిన తల్లులు 74 మంది. వారిలో 30 మందికి తక్కువ బరువు బిడ్డలు పుట్టారు, 44 మందికి పుట్టలేదు. పొగతాగని తల్లులు 115 మంది. వారిలో ఆ సంఖ్యలు 29, 86. ఒక ఘటన జరిగినవారి సంఖ్యను జరగనివారి సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆడ్స్. పొగతాగినవారిలో ఆడ్స్ 30ని 44తో భాగించగా 0.68, తాగనివారిలో 29ని 86తో భాగించగా 0.34, మొదటిదానిని రెండవదానితో భాగిస్తే వచ్చే 2.02ను ఆడ్స్ నిష్పత్తి అంటారు. నిష్పత్తి 1 అయితే రెండు వర్గాల మధ్య తేడా లేదని, 1 కంటే ఎక్కువైతే మొదటి వర్గంలో ఘటన ఎక్కువని, తక్కువైతే తక్కువని అర్థం.

ఫలితాల అధ్యాయాల్లో తరచు కనిపించే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 2.02 అన్న సంఖ్యను చూసి, పొగతాగిన తల్లులకు ముప్పు రెండింతలు అని రాసేస్తారు. ముప్పు అంటే మొత్తం మందిలో ఎందరికి ఆ ఘటన జరిగిందన్న లెక్క కాబట్టి, ఇక్కడ అది పొగతాగినవారిలో 40.5 శాతం, తాగనివారిలో 25.2 శాతం, ఈ రెండింటి నిష్పత్తి 1.61 మాత్రమే. ఘటన చాలా అరుదైనప్పుడు ఆడ్స్ నిష్పత్తి, ముప్పు నిష్పత్తి దాదాపు ఒకటే అవుతాయి కాని, ఈ దత్తాంశంలో తక్కువ బరువు కాన్పులు 31 శాతం ఉన్నందువల్ల అవి విడిపోయాయి. ఘటన ఎంత సాధారణమైతే ఆడ్స్ నిష్పత్తి 1 నుంచి అంత దూరంగా జరిగి, ప్రభావాన్ని పెద్దదిగా చూపుతుంది. అందువల్ల ఆడ్స్ నిష్పత్తితో పాటు రెండు వర్గాల శాతాలనూ ఇవ్వడం పాఠకుడి పట్ల కనీస న్యాయం.

సవరణ అంటే ఏం జరుగుతుంది

పొగతాగిన తల్లులు, తాగని తల్లులు మిగతా విషయాల్లో ఒకేలా ఉండరు. వయసు, బరువు, జాతి, రక్తపోటు వంటివి ఇరు వర్గాల్లో వేర్వేరుగా ఉంటే, వాటి ప్రభావం పొగతాగడం ఖాతాలో చేరవచ్చు, లేదా పొగతాగడం వల్ల కనిపించాల్సిన తేడాను మరుగుపరచవచ్చు. ఇలా ఒకదాని ప్రభావం మరొకదానితో కలగలిసిపోవడాన్ని తగ్గించడానికి, లాజిస్టిక్ రిగ్రెషన్ ఫలితపు ఆడ్స్ యొక్క సహజ లాగరిథమ్‌ను అన్ని కారకాల భారిత మొత్తంగా రాస్తుంది. ఒక్కో కారకానికి వచ్చే గుణకం, మోడల్‌లోని మిగిలిన కారకాలన్నీ సమానంగా ఉన్న ఇద్దరు తల్లుల మధ్య ఆ ఒక్క కారకం ఒక ప్రమాణం మారితే లాగరిథమ్ ఎంత మారుతుందో చెబుతుంది. ఆ గుణకాన్ని `exp` ప్రమేయంతో మామూలు కొలతలోకి మారిస్తే సవరించిన ఆడ్స్ నిష్పత్తి వస్తుంది.

పైన చెప్పిన మోడల్‌లో పొగతాగడానికి సవరించిన ఆడ్స్ నిష్పత్తి 2.52. సవరిస్తే సంబంధం బలహీనపడుతుందని చాలామంది ఊహిస్తారు కాని, ఇక్కడ అది 2.02 నుంచి 2.52కు పెరిగింది. దీనికి ప్రధాన కారణం దత్తాంశంలోనే కనిపిస్తుంది. శ్వేతజాతి తల్లులు 96 మందిలో 52 మంది, అంటే 54 శాతం పొగతాగారు, అయినా వారిలో తక్కువ బరువు కాన్పులు 23 మాత్రమే, అంటే 24 శాతం. శ్వేత, నల్లజాతులకు చెందని ఇతర తల్లులు 67 మందిలో 12 మంది, అంటే 18 శాతమే పొగతాగారు, అయినా వారిలో తక్కువ బరువు కాన్పులు 25, అంటే 37 శాతం. ఎక్కువగా పొగతాగిన వర్గంలో ఇతర కారణాల వల్ల ముప్పు తక్కువగా, తక్కువగా తాగిన వర్గంలో ఎక్కువగా ఉండటంతో, అందరినీ కలిపి లెక్కించినప్పుడు పొగ ప్రభావం కొంత కప్పబడిపోయింది. శ్వేతజాతి తల్లులను మాత్రమే చూస్తే తాగిన 52 మందిలో 19 మందికి, తాగని 44 మందిలో నలుగురికి మాత్రమే తక్కువ బరువు బిడ్డలు పుట్టారు. సవరించని, సవరించిన నిష్పత్తులను పట్టికలో పక్కపక్కనే చూపితే ఇటువంటి కదలిక పాఠకుడి కంటబడుతుంది. పరిశీలనాత్మక అధ్యయనాల నివేదికలకు 2007లో వెలువడిన స్ట్రోబ్ మార్గదర్శకాలు ఈ రెండింటినీ ఇవ్వాలని, ఏయే కారకాలకు ఎందుకు సవరించారో చెప్పాలని కోరుతాయి.

ఒక వాక్యంలో ఉండవలసినవి

పై ఫలితాన్ని వర్ణించే సరైన వాక్యం ఇలా ఉంటుంది: "తల్లి వయసు, గర్భధారణకు ముందు బరువు, జాతి, పూర్వపు అకాల నొప్పులు, అధిక రక్తపోటు చరిత్ర, గర్భాశయ బిగువులను లెక్కలోకి తీసుకున్నాక, పొగతాగని తల్లులతో పోలిస్తే పొగతాగిన తల్లుల్లో తక్కువ బరువు కాన్పు ఆడ్స్ 2.52 రెట్లు ఉంది. 95 శాతం విశ్వసనీయతా అంతరం 1.15 నుంచి 5.52, పీ విలువ 0.021." ఈ వాక్యంలో ఫలితం ఏది, ఎవరిని ఎవరితో పోల్చారు, దేనికి సవరించారు, అనిశ్చితి ఎంత అన్న నాలుగు అంశాలూ ఉన్నాయి. పోలికకు ఆధారమైన వర్గం చెప్పకపోతే సంఖ్యకు అర్థమే ఉండదు. ఫలితాన్ని 1, 0లుగా రాయడంలో తారుమారైతే ఇదే 2.52 కాస్తా 0.40గా మారి, పొగతాగడం రక్షణనిచ్చినట్టు కనిపిస్తుంది. ఈ తారుమారును పట్టుకునే సులువైన మార్గం, నాలుగు గడుల పట్టికలోని శాతాలు ఏ దిశను చూపుతున్నాయో, నిష్పత్తి కూడా అదే దిశను చూపుతున్నదా అని సరిచూడటం. రెండూ ఎదురెదురుగా ఉంటే, సవరణ వల్ల దిశ నిజంగానే మారిందా, లేక సంకేతాలు తిరగబడ్డాయా అన్నది తేల్చుకోవాలి.

విశ్వసనీయతా అంతరం అంటే, ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కిస్తే వచ్చే అంతరాల్లో దాదాపు 95 శాతం అసలు విలువను తమలో కలుపుకుంటాయన్న హామీతో కట్టిన హద్దు. పీ విలువ కంటే ఇది ఎక్కువ సంగతులు చెబుతుంది. అధిక రక్తపోటు చరిత్రకు ఇదే మోడల్‌లో సవరించిన నిష్పత్తి 6.25, పీ విలువ 0.008, ఈ రెండే చూస్తే పట్టికలోకెల్లా గట్టి ఫలితం ఇదేననిపిస్తుంది. దాని అంతరం మాత్రం 1.61 నుంచి 24.24 వరకు పరచుకుంది. కారణం, ఆ చరిత్ర ఉన్న తల్లులు మొత్తం 12 మందే. వారిలో ఏడుగురికి తక్కువ బరువు బిడ్డలు పుట్టారు. సంబంధం ఉందనడానికి ఆధారం ఉంది కాని, అది ఒకటిన్నర రెట్లో ఇరవై రెట్లో ఈ దత్తాంశం చెప్పలేదు. ఇటువంటి చోట "ఆరు రెట్లు" అన్న మాటను సారాంశంలో ఒంటరిగా నిలబెట్టకూడదు.

సంఖ్యారూపంలో ఉన్న కారకాలకు ప్రమాణం చెప్పడం మరింత అవసరం. తల్లి బరువుకు వచ్చిన నిష్పత్తి 0.985, అంతరం 0.972 నుంచి 0.998. ఇది 1కి ఇంత దగ్గరగా ఉంది కనుక పట్టించుకోనక్కరలేదని తోస్తుంది కాని, ఇది ఒక్క పౌను తేడాకు వచ్చిన నిష్పత్తి. పది పౌన్ల తేడాకు, అంటే దాదాపు నాలుగున్నర కిలోలకు, 0.985ను పదిసార్లు గుణించుకోవాలి. అప్పుడు నిష్పత్తి 0.86, అంతరం 0.75 నుంచి 0.98 అవుతుంది. అంటే అంత ఎక్కువ బరువున్న తల్లికి తక్కువ బరువు కాన్పు ఆడ్స్ సుమారు 14 శాతం తక్కువ. వయసుకు వచ్చిన 0.97 నిష్పత్తి అంతరం 0.90 నుంచి 1.05 వరకు ఉండి, 1ని తనలో కలుపుకుంది. అందువల్ల ఈ దత్తాంశంలో వయసుతో స్పష్టమైన సంబంధం కనబడలేదని రాయాలి తప్ప, వయసుకు సంబంధమే లేదని రుజువైనట్టు రాయరాదు.

మోడల్ సరిపోలిక

ఇక రెండవ ప్రశ్న. ఏ కారకమూ లేని ఖాళీ మోడల్‌తో పోలిస్తే ఈ కారకాలన్నీ కలిసి ఏమైనా అదనంగా చెప్పాయా అన్నది మొదట చూడాలి. దీనికి రెండు మోడళ్ల లాగ్ సంభావనల మధ్య తేడాను రెట్టింపు చేసి, కై వర్గ పట్టికతో పోలుస్తారు. ఇక్కడ ఆ విలువ 33.22, స్వేచ్ఛాంశాలు 8, పీ విలువ 0.0001, అంటే మోడల్ ఖాళీ మోడల్ కంటే మెరుగే. ఇదే పనికి వాడే మరో పరీక్ష స్కోర్ పరీక్ష. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు దీనిని 1948లో ప్రతిపాదించారు, అందుకే దీనికి రావు స్కోర్ పరీక్ష అన్న పేరు కూడా ఉంది. పొగతాగడం ఒక్కటే ఉన్న మోడల్‌లో రావు పరీక్ష విలువ 4.92, నాలుగు గడుల పట్టికకు నర్సింగ్ విద్యార్థులు చేత్తో లెక్కించే కై వర్గం విలువ కూడా సరిగ్గా ఇదే. తరగతిలో నేర్చిన పాత పరీక్షకు, కొత్త మోడల్‌కు మధ్య వంతెన ఇక్కడ ఉంది.

ఖాళీ మోడల్ కంటే మెరుగ్గా ఉన్నంత మాత్రాన మోడల్ మంచిదైపోదు. అది చెప్పే సంభావ్యతలు వాస్తవంతో సరిపోతున్నాయా అన్నది వేరే పరీక్ష. హాస్మర్, లెమెషో పరీక్షలో తల్లులను మోడల్ లెక్కించిన సంభావ్యత ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, పది గుంపులుగా విడదీసి, ప్రతి గుంపులో మోడల్ ఊహించిన తక్కువ బరువు కాన్పుల సంఖ్యను నిజంగా జరిగిన సంఖ్యతో పోలుస్తారు. ఇక్కడ ఆ విలువ 9.65, స్వేచ్ఛాంశాలు 8, పీ విలువ 0.29. మిగతా పట్టికల్లో చిన్న పీ విలువ కోసం చూసే అలవాటున్నవారు ఇక్కడ తికమకపడతారు. ఈ పరీక్షలో చిన్న పీ విలువ మోడల్ సరిపోలేదని సూచిస్తుంది. 0.29 రావడం వల్ల సరిపోలని సూచన ఏదీ కనబడలేదని మాత్రమే చెప్పవచ్చు. నమూనా చిన్నదైతే ఈ పరీక్ష నిజమైన లోపాలను కూడా పట్టలేదు, వేల మంది ఉంటే లెక్కచేయనక్కరలేని తేడాలకు కూడా పీ విలువ చిన్నదవుతుంది. గుంపుల సంఖ్య మార్చినా జవాబు మారవచ్చు.

పట్టిక అడుగున సాఫ్ట్‌వేరు ఇచ్చే మెక్‌ఫాడెన్ ఆర్ వర్గం ఇక్కడ 0.14. మామూలు రిగ్రెషన్‌లోని ఆర్ వర్గం లాగా దీనిని "ఫలితంలోని మార్పులో 14 శాతాన్ని మోడల్ వివరించింది" అని రాయడం తప్పు. ఇది ఖాళీ మోడల్ లాగ్ సంభావనతో పోలిస్తే ఎంత భాగం మెరుగుదల వచ్చిందో చూపే సూచిక మాత్రమే.

ఆసుపత్రి పనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రశ్న, మోడల్ తల్లులను వేరుచేయగలదా అన్నది. తక్కువ బరువు బిడ్డ పుట్టిన ఒక తల్లిని, అలా పుట్టని ఒక తల్లిని జతచేస్తే ఈ దత్తాంశంలో 59ని 130తో గుణించినన్ని, అంటే 7,670 జతలు వస్తాయి. వాటిలో ఎన్ని జతల్లో మోడల్ మొదటి తల్లికే ఎక్కువ సంభావ్యత ఇచ్చిందన్న భాగాన్ని ఆర్‌ఓసీ వక్రం కింది వైశాల్యం అంటారు. ఇక్కడ అది 0.746. ఊరికే ఊహిస్తే 0.5 వస్తుంది, లోపం లేకుండా వేరుచేస్తే 1 వస్తుంది కాబట్టి, ఇది ఒక మోస్తరు సామర్థ్యం.

ఆ మోస్తరు అన్న మాటకు వాస్తవంలో ఏమి అర్థమో తెలియాలంటే, సంభావ్యత 0.5 దాటిన తల్లులను ముప్పున్నవారిగా గుర్తించి చూడాలి. అప్పుడు మోడల్ 33 మందిని గుర్తిస్తుంది. వారిలో 21 మందికే తక్కువ బరువు బిడ్డలు పుట్టారు. మొత్తం 59 మందిలో 38 మంది తప్పిపోయారు, అంటే గుర్తించగలిగింది 35.6 శాతమే. అయినా "మోడల్ 73.5 శాతం కేసులను సరిగా వర్గీకరించింది" అన్న వాక్యం నివేదికలో అందంగానే కనిపిస్తుంది. ఏ లెక్కా చేయకుండా తల్లులందరికీ మామూలు బరువు బిడ్డలే పుడతారని చెప్పినా 68.8 శాతం సరైపోతుందన్న సంగతిని దాని పక్కన ఉంచి చూస్తేనే ఆ వాక్యం అసలు విలువ తెలుస్తుంది. పైగా ఈ సంఖ్యలన్నీ మోడల్‌ను తయారుచేసిన దత్తాంశం మీదే కొలిచినవి. కొత్త తల్లుల మీద ప్రయోగిస్తే సాధారణంగా ఇంతకంటే తగ్గుతాయి.

కాశిబుగ్గకు ఏది వర్తిస్తుంది

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వచ్చిన 2.52ను గాని, 6.25ను గాని కాశిబుగ్గ తల్లులకు ఆపాదించడం సరికాదు. అక్కడి జాతి వర్గాలకు ఇక్కడ అర్థం లేదు, గర్భిణులు పొగతాగడం ఇక్కడ ప్రధాన ప్రశ్న కాదు. హిమోగ్లోబిన్, తల్లి ఎత్తు, గర్భధారణలో పెరిగిన బరువు, కాన్పుల మధ్య ఎడం వంటివి ఇక్కడి మోడల్‌లోకి రావాలి. ఆ కారకాలను కూడా సాఫ్ట్‌వేరు చూపే పీ విలువలను బట్టి కాక, విషయ పరిజ్ఞానాన్ని బట్టి ముందే ఎంచుకోవాలి. తక్కువ బరువు కాన్పులు స్ప్రింగ్‌ఫీల్డ్ దత్తాంశంలో 31 శాతం ఉండగా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భారతదేశపు సగటు సుమారు 18 శాతం. కాబట్టి అక్కడి మోడల్ ఇచ్చే సంభావ్యతలు ఇక్కడ సరిపోవు.

ఎందరు తల్లుల వివరాలు కావాలన్నదీ ఈ శాతాన్ని బట్టే తేలుతుంది. మోడల్‌లో అంచనా వేసే ఒక్కో గుణకానికి కనీసం పది ఘటనలైనా ఉండాలన్నది పాత స్థూల సూత్రం. స్ప్రింగ్‌ఫీల్డ్ మోడల్‌లో 8 గుణకాలకు 59 ఘటనలే ఉన్నందున అది ఆ హద్దుకు కూడా కొంచెం కిందే ఉంది. కాశిబుగ్గ వంటి చోట ఆరు గుణకాల మోడల్ కట్టాలంటే 60 తక్కువ బరువు కాన్పులు కావాలి, వాటి వాటా 18 శాతం అనుకుంటే కనీసం 334 కాన్పుల వివరాలు సేకరించాలి. వంద మంది నమూనాతో పది కారకాలను మోడల్‌లో పెట్టిన అధ్యయనం విపరీతమైన ఆడ్స్ నిష్పత్తులను, వందల వరకు సాగిపోయే విశ్వసనీయతా అంతరాలను ఇస్తే, దానిని గొప్ప ఆవిష్కరణగా కాక చిన్న నమూనా లక్షణంగా చదవాలి.

పరిశీలన ద్వారా వచ్చిన ఆడ్స్ నిష్పత్తి సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని ఒంటరిగా రుజువు చేయదు; మోడల్‌లో లేని కారకాలకు సవరణ జరగదు. అందువల్ల నర్సింగ్ సిద్ధాంత గ్రంథం రాసేవారు ఫలితాల అధ్యాయంలో రెండు వర్గాల శాతాలను, సవరించని నిష్పత్తిని, సవరించిన నిష్పత్తిని దాని అంతరంతో సహా, సవరణకు తీసుకున్న కారకాల జాబితాను, సరిపోలికకు ఒక కొలతను, వేరుచేసే సామర్థ్యానికి ఒక కొలతను తప్పనిసరిగా ఇవ్వాలి. పొగతాగడానికి 0.021 పీ విలువ చూపిన మోడలే తక్కువ బరువు బిడ్డలు పుట్టిన తల్లుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందిని గుర్తించలేకపోయింది. కాబట్టి సంబంధాన్ని చూపిన మోడల్‌ను గర్భిణుల వడపోతకు సాధనంగా సిఫారసు చేసేముందు ఈ రెండవ సంఖ్యను కూడా పాఠకుల ముందు పెట్టడం పరిశోధకుల బాధ్యత.